అసోసియేషన్ సెక్రటరీ పదవికి రాజీనామా, ఛార్జ్ అప్పగింత: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. అక్కడ నేను సెక్రటరీగా ఉండి, టర్మ్ మధ్యలో జూన్ 30న దిగిపోయాను. దిగిపోవడానికి పట్టింది ఒక ఉత్తరం, ఐదు నిమిషాలు. అప్పగించడానికి పట్టింది మూడు వారాలు. తర్వాత పక్క అపార్ట్‌మెంట్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు ఇదే పని మీద వచ్చి అడిగారు. వాళ్లు అడిగినవీ, నేను అప్పట్లో ఎవరినైనా అడిగి ఉంటే బాగుండేదని తర్వాత అనుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంక్షేమ సంఘాలను దృష్టిలో పెట్టుకుని రాసిందిది. మీది సహకార సంఘంగా నమోదై ఉంటే పద్ధతి కొంత వేరుగా ఉంటుంది.

రాజీనామా ఎవరికివ్వాలి? అందులో ఏం రాయాలి?

ముందు మీ బైలాస్ తీసి, ఆఫీస్ బేరర్ల రాజీనామా గురించి ఏముందో చూడండి. చాలా బైలాస్‌లో ఉత్తరం అధ్యక్షుడికి ఇవ్వాలని, కమిటీ మీటింగ్‌లో పెట్టి ఆమోదించాలని ఉంటుంది. నోటీసు గడువు ఉంటే అదీ అక్కడే కనిపిస్తుంది.

ఉత్తరం చిన్నదిగా ఉంటేనే మంచిది. ఏ పదవికి, ఏ తేదీ నుంచి రాజీనామా, ఏ తేదీ వరకు లెక్కలు పూర్తి చేసి అప్పగిస్తారు, ఎవరికి అప్పగించాలో కమిటీ చెప్పాలి. ఈ నాలుగు విషయాలు ఉంటే సరిపోతుంది. మెయింటెనెన్స్ కట్టనివాళ్ల మీద కోపం, పార్కింగ్ గొడవ, ఫలానావారు మీటింగ్‌లో అన్న మాట అందులో పెట్టకండి. ఆ కాగితం ఫైల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. నేను మొదట రాసిన ఉత్తరం రెండు పేజీలు. మా ఆవిడ చదివి, "ఇది రాజీనామానా, ఛార్జ్‌షీటా?" అంది. చివరికి ఆరు లైన్లతో పోయింది.

సెక్రటరీ పదవికి మాత్రమేనా, కమిటీ సభ్యత్వానికి కూడానా అన్నది స్పష్టంగా రాయండి. ఆ ముక్క లేకపోతే కమిటీలో ఇంకా ఉన్నట్టే లెక్కేసి, కోరం చాలనప్పుడల్లా మిమ్మల్ని పిలుస్తుంటారు.

వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. అది సరిపోదా?

అందరికీ తెలుస్తుంది కానీ రికార్డు అవ్వదు. సంతకం చేసిన కాగితం ఇచ్చి, దాని కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం తీసుకోండి. అధ్యక్షుడు ఊళ్లో లేకపోతే ఆయన ఈమెయిల్‌కి స్కాన్ పంపి, కమిటీ సభ్యులందరినీ కాపీలో పెట్టండి.

ఉత్తరం ఇచ్చి నెల దాటింది. ఆమోదించకుండా నానుస్తున్నారు. ఏం చెయ్యాలి?

"మీరుండగా మాకేం టెన్షన్ లేదండీ" అంటూ పొగుడుతూ నానబెట్టడమే ఎక్కువగా జరుగుతుంది. కమిటీ మీటింగ్ పెట్టమని, ఎజెండాలో రెండే అంశాలు చేర్చమని రాతపూర్వకంగా అడగండి. ఒకటి, రాజీనామా ఆమోదం. రెండు, ఛార్జ్ ఎవరు తీసుకోవాలి అన్న తీర్మానం. నిజానికి మీకు కావలసింది ఆ రెండోదే. పేరు ఖరారైతే మొదటిది దానంతటదే నడుస్తుంది.

అందాకా తాళాలు అధ్యక్షుడి ఇంట్లో పడేసి రావడం మాత్రం వద్దు. లెక్క లేకుండా ఇచ్చిన వస్తువుకు తర్వాత మీరే జవాబుదారీ అవుతారు.

నా లెక్క ఏ రోజుతో ముగుస్తుంది?

ఇదొక్కటి తేలితే మిగతా పని సగం అయినట్టే. ఒక తేదీ అనుకుని, దాన్ని కమిటీతో రాయించుకోండి. నెల చివరి రోజైతే మంచిది, ఎందుకంటే బ్యాంకు స్టేట్‌మెంట్, మెయింటెనెన్స్ వసూలు, జీతాలు అన్నీ నెల లెక్కల్లోనే ఉంటాయి. ఆ రోజు వరకు జరిగిన ప్రతి రాబడికి, ఖర్చుకు మీది పూచీ. మర్నాటి నుంచి మీ చేతి మీద ఒక్క రూపాయి కూడా కదలకూడదు.

క్యాష్ బుక్‌లో ఆ రోజు చివరి ఎంట్రీ కింద గీత గీసి, నిల్వ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, మీరూ ట్రెజరరూ కొత్తగా వచ్చేవారూ సంతకం చెయ్యాలి. లెక్కలు కంప్యూటర్‌లో ఉంటే ఆ తేదీ వరకు ప్రింట్ తీసి పేజీ పేజీకీ సంతకాలు పెట్టాలి. రసీదు పుస్తకాలకీ అంతే. చివరగా చింపిన రసీదు నంబరు ఎంత, ఆ పుస్తకంలో ఇంకా ఎన్ని ఖాళీ రసీదులున్నాయి, బీరువాలో వాడని పుస్తకాలెన్ని అన్నది రాయాలి. ఖాళీ రసీదు పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ ఆ పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు మీ పేరు మీద డబ్బు వసూలు చెయ్యగలరు.

క్యాష్ బుక్‌లో ఒక నిల్వ, బ్యాంకులో ఇంకో నిల్వ ఉంది. ఎలా అప్పగించను?

రెండూ ఒకటే ఉంటే నేనైతే అనుమానించేవాణ్ని. నడుస్తున్న ఖాతాలో ఏదో ఒక చెక్కు ఇంకా బ్యాంకుకు వెళ్లకుండా ఉంటుంది. తేడా ఉండటం తప్పేమీ కాదు, ఎందుకుందో రాయకపోవడమే తప్పు.

మాది చెబుతాను. జూన్ 30న బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నిల్వ 4,86,350 రూపాయలు. మా క్యాష్ బుక్‌లో 4,01,444. తేడా 84,906. చూడగానే గుండె ఝల్లుమంది. కూర్చుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వెళ్తే ఇలా తేలింది.

మేం ఇచ్చిన రెండు చెక్కులు ఇంకా బ్యాంకుకు రాలేదు. సెక్యూరిటీ ఏజెన్సీకి టీడీఎస్ పోను 60,760, లిఫ్ట్ మెయింటెనెన్స్‌కి 18,500. రెండూ కలిపి 79,260. స్టేట్‌మెంట్ నిల్వలోంచి ఇది తీసేస్తే 4,07,090 మిగులుతుంది. నిజంగా మన చేతిలో ఉన్నది అదే.

ఇక పుస్తకం వైపు. బ్యాంకులో 3,000 చొప్పున రెండు యూపీఐ జమలు పడ్డాయి. ఏ ఫ్లాట్‌వో తెలియక మేం పుస్తకంలో రాయలేదు. అవి 6,000. బ్యాంకు తీసుకున్న ఛార్జీ 354 కూడా రాయలేదు. 4,01,444కి 6,000 కలిపి, 354 తీసేస్తే 4,07,090. రెండు వైపులా కలిసిపోయింది.

ఈ లెక్క ఒక కాగితం మీద రాసి, స్టేట్‌మెంట్ ప్రింట్‌తో కలిపి పిన్ను చేసి ఇచ్చాం. ఆ రెండు యూపీఐ జమలు ఎవరివో గ్రూపులో అడిగితే ఒకటి ఆ సాయంత్రమే తేలింది. ఇంకోటి ఒక ఫ్లాట్ ఓనర్‌ది కాదు, అద్దెకుండే అబ్బాయి వాళ్ల నాన్న ఖాతా నుంచి వచ్చింది. అది తేలడానికి పది రోజులు పట్టింది. అప్పటిదాకా "ఫ్లాట్ తెలియని జమ" అన్న పద్దులోనే ఉంచాం. ఏదో ఒక ఫ్లాట్ పేరున రాసి పుస్తకం కలిపెయ్యాలనిపిస్తుంది. అలా చేస్తే నిజంగా కట్టినవాళ్లకి మర్నెల బకాయి నోటీసు వెళ్తుంది.

బ్యాంకుకు రాని చెక్కుల నంబర్లు, తేదీలు కూడా రాసివ్వండి. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటితే చెల్లదు. అప్పటికీ రాకపోతే కొత్తవాళ్లు పుస్తకంలో ఆ ఎంట్రీని రద్దు చేసి, కొత్త చెక్కుతో మళ్లీ చెల్లించాలి.

చేతి నగదు సంగతేమిటి?

లెక్కబెట్టి ఇవ్వండి, నోట్ల వారీగా. మా పుస్తకంలో చిల్లర ఖర్చుల నిల్వ 7,240. డబ్బాలో ఉన్నది 6,790. తగ్గిన 450 మోటారు రిపేరుకి తీసుకెళ్లిన ఆటో కిరాయి, వోచర్ రాయడం మర్చిపోయాను. ఆ రోజు వోచర్ రాసి, ఆలస్యంగా రాస్తున్నానని దాని మీదే రాసి, కమిటీకి చూపించాను. పాత తేదీ వేసి సర్దెయ్యలేదు. ఒప్పుకోకపోయి ఉంటే ఆ 450 జేబులోంచి పెట్టేసేవాణ్ని.

మీరు సొంత డబ్బు ఖర్చు పెట్టి ఉంటే ఆ తేదీలోపే బిల్లులు పెట్టి తీసేసుకోండి. దిగిపోయాక ఆరు నెలలకు బిల్లు పట్టుకుని వచ్చే మాజీ సెక్రటరీని ఎవరూ నమ్మరు. అది న్యాయమే కూడా.

ట్రెజరర్ సౌకర్యం కోసం కొన్ని ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఉంచాను. అవేం చెయ్యాలి?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదవగలిగితే ఇది చదవండి. ఊరెళ్లేముందు నాలుగు చెక్కుల మీద సంతకం పెట్టి వెళ్లని సెక్రటరీని నేను చూడలేదు. మీరు దిగిపోయాక ఆ చెక్కు మీద ఎవరైనా అంకె రాసి ఇస్తే, బ్యాంకులో సంతకాలు మారేదాకా అది చెల్లుతుంది. బౌన్స్ అయితే సంతకం పెట్టినవారికీ నోటీసు వస్తుంది. నేను అప్పటికే దిగిపోయానని తర్వాత నిరూపించుకోవచ్చు, కానీ దానికి వకీలు కావాలి, తిరగడం కావాలి.

చెక్కు బుక్కు ఎదురుగా పెట్టుకుని, చివర వాడిన నంబరు నుంచి ఒక్కో ఆకు తిప్పండి. మీ సంతకం ఉన్న ప్రతి ఖాళీ ఆకునూ అడ్డంగా గీసి "రద్దు" అని రాయండి. చింపి పారెయ్యకండి, బుక్కులోనే ఉండాలి. ఆ నంబర్లు అప్పగింత కాగితంలో చేర్చండి. ఏ ఆకైనా లెక్కలో కనిపించకపోతే ఆ నంబరుకు స్టాప్ పేమెంట్ రాసివ్వండి. మా బుక్కులో ఒకటి నిజంగానే లేదు. ప్లంబర్ అడ్వాన్సు కోసం చింపి, తర్వాత నగదు ఇచ్చి, చెక్కును ట్రెజరర్ గారు పర్సులో పెట్టుకుని మర్చిపోయారు. నాలుగు నెలలు అక్కడే ఉంది పాపం. రాయకముందే దొరికింది కాబట్టి సరిపోయింది.

రాబోయే తేదీలు వేసి ఎవరికైనా ఇచ్చిన చెక్కులుంటే, జనరేటర్ వాయిదాలు లాంటివి, వాటి పట్టిక విడిగా రాయండి. వాటిని వెనక్కి తీసుకుని కొత్త సంతకాలతో ఇస్తారా, అలాగే వదిలేస్తారా అన్నది కమిటీ తీర్మానించాలి.

బ్యాంకులో నా సంతకం ఎప్పుడు తీసేస్తారు?

కమిటీ తీర్మానం కాపీ, కొత్త సంతకందారుల కేవైసీ కాగితాలు, ఫొటోలు, నమూనా సంతకాలు ఇచ్చి, బ్యాంకు దాన్ని నమోదు చేసిన తర్వాతే. ఈ మధ్యలో ఖాళీ వస్తుంది. చాలా ఖాతాల్లో ఏ చెక్కుకైనా ఇద్దరి సంతకాలు కావాలి. మీరు పెట్టనంటే వాచ్‌మన్ జీతం ఆగుతుంది.

నేను చేసింది ఇది. జూన్ 30 తర్వాత బ్యాంకు మార్పు పూర్తయ్యేదాకా, కమిటీ ప్రతి చెల్లింపుకీ రాతపూర్వకంగా పేరు, మొత్తం, కారణం రాసి పంపితేనే సంతకం పెడతానని చెప్పాను. మూడు చెక్కులకి పెట్టాను. ఆ మూడింటి వివరం అప్పగింత కాగితానికి అనుబంధంగా చేర్చాం. మార్పు అయ్యాక బ్యాంకు నుంచి ఒక ఉత్తరమో ఈమెయిలో అడిగి తీసుకోండి. "చేసేశామండీ" అని కౌంటర్‌లో చెప్పిన మాట మీద ఇంటికి రాకండి.

నెట్ బ్యాంకింగ్ ఉంటే ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోందో కూడా చూసుకోవాలి. సంతకం మారినా ఫోన్ నంబరు మారని ఖాతాలు చాలా ఉన్నాయి.

కార్పస్ ఫండ్ ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంది. రసీదులిస్తే చాలా?

రసీదుల ఒరిజినల్స్ ఇస్తూ ప్రతిదానికీ నంబరు, మొత్తం, వడ్డీ రేటు, మెచ్యూరిటీ తేదీ రాయాలి. ఇంకో రెండు చూడండి. మొదటిది, ఆటో రెన్యువల్ అయి ఉంటే పాత రసీదు మీద ఉన్న మొత్తం ఇప్పటిది కాదు, బ్యాంకు నుంచి ఆ రోజు నాటి నిల్వ తీసుకోవాలి. రెండోది, డిపాజిట్‌కి ఎవరి పాన్ ఇచ్చారో చూడాలి. అసోసియేషన్‌కి పాన్ తీసుకోకముందు, ఎప్పుడో పాత కార్యవర్గం వాళ్లు తమ పాన్ ఇచ్చి డిపాజిట్ వేసి ఉంటారు. ఆ వడ్డీ అంతా ఆ వ్యక్తి ఆదాయంగా పన్నుల శాఖ దగ్గర కనిపిస్తుంది. మీ పాన్ ఉందేమో, ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున ఉండే వార్షిక సమాచార పత్రం, అంటే ఏఐఎస్, తీసి చూసుకోండి. ఉంటే దిగిపోయేలోపే మార్పించండి. తర్వాత మీరు బ్యాంకుకు వెళ్తే మీరెవరు అంటారు.

టీడీఎస్, జీఎస్‌టీ ఉన్న అసోసియేషన్ అయితే?

గీత గీసిన తేదీకి ముందు కోసిన టీడీఎస్, ఆ తర్వాత కట్టాల్సి వస్తుంది. మా సెక్యూరిటీ బిల్లులో జూన్‌లో 1,240 కోశాం. అది జూలై 7 లోపు కట్టాలి, మూడు నెలల రిటర్న్ జూలై 31 లోపు వెయ్యాలి. డబ్బు మీ కాలంలోది, గడువు కొత్తవాళ్లది. అందుకే "కట్టాల్సినవి, గడువుతో" అని ఒక పేజీ విడిగా ఇవ్వండి. కరెంటు బిల్లు, నీటి బిల్లు, బీమా రెన్యువల్, లిఫ్ట్ ఒప్పందం ముగిసే తేదీ కూడా అందులోకే.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే, కొత్త సంతకందారుని పోర్టల్‌లో చేర్చాకే మీ పేరు తీయించుకోండి. ముందే తీసేస్తే లోపలికి వెళ్లే దారి ఉండదు. ఆ లెక్కల పుస్తకాలు, ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. అందుకే "పాత వోచర్లు చెత్త, తీసెయ్యండి" అన్న మాట వినొద్దు.

మెయింటెనెన్స్ బకాయిల జాబితా ఎలా ఇవ్వాలి?

ఫ్లాట్ నంబరు, మొత్తం, ఏ నెల నుంచి అన్న వివరంతో. ఎవరితోనైనా మీరు నోటిమాటగా ఒప్పుకున్నది ఉంటే, "దసరాకి కట్టమన్నాను" లాంటిది, అదీ రాయండి. లేకపోతే కొత్తవాళ్లు నోటీసిస్తారు, అది అందుకున్నవాళ్లు మీ మీదకు వస్తారు.

కాగితాల్లో ఏవేవి ఉండాలి?

బీరువాలో ఉన్నదంతా ఇచ్చేస్తాం కాబట్టి, పట్టిక కన్నా లేనివి ఏవో తెలియడమే ముఖ్యం. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్ ఒరిజినల్, మినిట్స్ బుక్కులు, సభ్యుల రిజిస్టర్, ఏటా రిజిస్ట్రార్‌కి ఇచ్చిన కమిటీ జాబితాల కాపీలు, ఆడిట్ రిపోర్టులు, వోచర్ ఫైళ్లు, ఒప్పందాలు, బీమా పాలసీ, కోర్టు కాగితాలు, అసోసియేషన్ రబ్బరు స్టాంపు. ఇవి చాలాచోట్ల ఉంటాయి.

తరచూ కనిపించనివి బిల్డర్ ఇచ్చినవి. మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, పైపులైన్, కరెంటు లైన్ల డ్రాయింగులు, బోరు ఎంత లోతో తెలిపే కాగితం. అవి మీకు మీ ముందువాళ్లు ఇవ్వకపోతే, "నాకు అందలేదు" అని అప్పగింత కాగితంలో స్పష్టంగా రాయండి. లేకపోతే రెండేళ్ల తర్వాత అవి మీ దగ్గర పోయినట్టే లెక్క.

వాచ్‌మన్, పనివాళ్ల ఆధార్ కాపీలు, అద్దెదారుల వివరాలు విడిగా సీలు కవర్లో ఇవ్వండి. టేబుల్ మీద అందరూ తిరగేసే కాగితాలు కావవి.

మినిట్స్ బుక్‌లో రెండు మీటింగులకి సంతకాలు లేవు. ఇప్పుడు పెట్టించవచ్చా?

ఆ మీటింగుకి వచ్చినవాళ్ల చేత, ఈనాటి తేదీతో పెట్టించవచ్చు. రానివాళ్ల చేత వద్దు. కాగితాలు అతికించడం, పేజీలు చింపడం అసలే వద్దు. పేజీలకి నంబర్లు లేకపోతే అప్పగించేముందు వేసి, మొత్తం పేజీలెన్నో చివర రాయండి. ఖాళీగా వదిలిన పేజీల మీద అడ్డగీత కొట్టండి.

తాళాలు ఒక గుత్తిగా ఇచ్చేస్తే చాలదా?

గుత్తి ఇచ్చినవాళ్లకి తేలిక, తీసుకున్నవాళ్లకి కాదు. మా గుత్తిలో 23 చెవులున్నాయి. ఒక ఆదివారం ఉదయం నేను, ఛార్జ్ తీసుకునే జాయింట్ సెక్రటరీ గారు, వాచ్‌మన్ ముగ్గురం పైనుంచి కిందికి నడిచాం. టెర్రస్ తలుపు, లిఫ్ట్ మెషిన్ రూమ్, ఓవర్‌హెడ్ ట్యాంకు మూత, ప్రతి అంతస్తులో ఎలక్ట్రికల్ డక్ట్, కింద మీటర్ రూమ్, జనరేటర్ రూమ్, పంపు రూమ్, సంపు మూత, క్లబ్ రూమ్, ఆఫీసు బీరువా, నోటీసు బోర్డు అద్దం. ప్రతి తాళం తెరిచి, మళ్లీ వేసి, చెవికి రంగు ట్యాగ్ కట్టి పేరు రాశాం.

నాలుగు చెవులు దేనికీ పట్టలేదు. ఎప్పుడో మార్చేసిన తాళాలవి. ఇక ఫైర్ హోస్ పెట్టెకి తాళముంది, దానికి చెవే లేదు. ఎన్నాళ్లుగా లేదో ఎవరికీ తెలియదు. మంటలొస్తే అద్దం పగలగొట్టాల్సిందే అనుకుంటే, అక్కడ అద్దం స్థానంలో రేకు బిగించి ఉంది. ఆ రోజే తాళం కోయించాం. ఆ పని మీద నేను రెండేళ్లు కూర్చున్నానని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లిఫ్ట్ తలుపు బయటి నుంచి తెరిచే చెవి విషయంలో జాగ్రత్త. లిఫ్ట్ ఆ అంతస్తులో లేకపోయినా అది తలుపు తెరుస్తుంది, ఎదురుగా ఖాళీ గొయ్యి ఉంటుంది. దాన్ని గుత్తిలో కలపకుండా, శిక్షణ ఉన్నవారికే ఇచ్చి సంతకం తీసుకోవాలి.

డూప్లికేట్ చెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో రాయండి. ప్లంబర్ దగ్గర టెర్రస్ చెవి ఉన్న సంగతి నాకు ఆ ఆదివారమే తెలిసింది.

యాప్‌లు, పాస్‌వర్డులు, గ్రూపులు?

అసోసియేషన్ ఈమెయిల్, గేట్ యాప్ అడ్మిన్, సీసీ కెమెరాల రికార్డర్, పన్నుల పోర్టళ్లు, కరెంటు బిల్లు ఖాతా, వాట్సాప్ గ్రూపు. ప్రతిదానికీ కొత్తవారి ఫోన్ నంబరు పెట్టించి, వాళ్ల ఎదురుగానే పాస్‌వర్డ్ వాళ్ల చేతే మార్పించండి. కాగితం మీద రాసిచ్చిన పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలిసినట్టే, రేపు ఏం జరిగినా ఇద్దరి మీదా అనుమానమే. గ్రూపులో కొత్తవారిని అడ్మిన్ చేసి, మీ అడ్మిన్ తీసేయించుకోండి.

ఛార్జ్ తీసుకోవడానికి ఎవరూ ముందుకు రావడం లేదు.

జాయింట్ సెక్రటరీ ఉంటే సహజంగా ఆయనకే. లేకపోతే అధ్యక్షుడు తాత్కాలికంగా తీసుకోవాలని తీర్మానం పెట్టించండి. ఖాళీని వచ్చే సర్వసభ్య సమావేశం దాకా కమిటీ నింపవచ్చా, ఎన్నిక పెట్టాలా అన్నది బైలాస్ చెబుతుంది. ఎవరూ దొరక్కపోతే సర్వసభ్య సమావేశం పెట్టమని అడగండి. "తాళాలు రేపు మీ అందరి ముందు టేబుల్ మీద పెడుతున్నా" అనగానే ఎవరో ఒకరు లేస్తారు. మా దగ్గర లేచినవారు మెయింటెనెన్స్ లెక్కల మీద రెండేళ్లుగా నన్ను ఎక్కువ ప్రశ్నలడిగిన ఆయనే. బాగా చేస్తున్నారు.

కొత్తవాళ్లు "ఆడిట్ అయ్యేదాకా అప్పగింత కాగితం మీద సంతకం పెట్టం" అంటున్నారు.

వాళ్ల భయం అర్థం చేసుకోదగిందే. సంతకం పెడితే లెక్కలన్నీ సరైనవని ఒప్పుకున్నట్టు అవుతుందని అనుకుంటారు. కాగితంలో ఇలా రాయండి: "కింద రాసిన వస్తువులు, పుస్తకాలు, నగదు లెక్కబెట్టి తీసుకున్నాం. లెక్కల ఖచ్చితత్వం ఆడిట్‌కి లోబడి ఉంటుంది." ఈ ఒక్క వాక్యంతో మా దగ్గర రెండు రోజుల బెట్టు వీడింది. ఎంత వచ్చిందన్నది ఇప్పుడు తేలాలి. సరిగ్గా ఖర్చయిందా అన్నది ఆడిటర్ తేలుస్తారు.

అప్పటికీ ఒప్పుకోకపోతే పట్టికను స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపి, ఫలానా రోజు ఫలానా టైముకి ఆఫీసు రూమ్‌లో ఉంటానని రాయండి. ఇద్దరు సభ్యుల ఎదుట అప్పగించి, సాక్షి సంతకాలు తీసుకోండి. ఇక గొడవ ముదిరితే 2001 చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకో మధ్యవర్తిత్వానికో వెళ్లే దారి సభ్యులెవరికైనా ఉంది. అంతదాకా వెళ్లిన అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్‌లో కూడా ఎవరూ ఎవరితో మాట్లాడుకోరు, అది మాత్రం గుర్తుంచుకోండి.

రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా తెలియజేయాలా?

తెలియజేయాలి. సొసైటీల వ్యవహారం జిల్లా రిజిస్ట్రార్ చూస్తారు. కమిటీ మారిన తీర్మానం, కొత్త జాబితా దాఖలు చెయ్యాల్సింది అసోసియేషనే, కానీ చేశారో లేదో మీరే వెంటపడి కాపీ తీసుకోండి. అక్కడ పాత జాబితాలో మీ పేరున్నంత కాలం నోటీసులు మీ పేరుతోనే వస్తాయి.

నా దగ్గర ఏ కాపీలు ఉంచుకోవచ్చు?

రాజీనామా ఉత్తరం, ఆమోదించిన తీర్మానం, సంతకాలతో ఉన్న అప్పగింత కాగితం, గీత గీసిన క్యాష్ బుక్ పేజీ, బ్యాంకు లెక్క కలిపిన కాగితం, బ్యాంకు ఇచ్చిన ఉత్తరం. ఇవి చాలు. సభ్యుల ఫోన్ నంబర్లు, పనివాళ్ల ఆధార్‌లు, కెమెరా రికార్డులు మీవి కావు, ఫోన్లో ఉంటే తీసెయ్యండి. ఒరిజినల్ ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోవద్దు.

దిగిపోయాక కూడా అందరూ నాకే ఫోన్ చేస్తున్నారు.

చేస్తారు. పది గంటలకి నీళ్లు రాకపోతే నోటికి వచ్చే పేరు మీదే. మొదటి నెల రోజులు, కొత్త సెక్రటరీ అడిగిన ప్రశ్నలకి మాత్రం జవాబిస్తానని నేను చెప్పాను. మిగతావాళ్లకి ఆయన నంబరు పంపేవాణ్ని. ఒక్కసారి మాత్రం మాట తప్పాను. రాత్రి వాల్వు ఏ వైపు తిప్పాలో వాచ్‌మన్ అడిగితే, లుంగీ మీదే కిందికెళ్లి చూపించి వచ్చాను. మర్నాడు ఆ వాల్వు మీద తెల్ల పెయింటుతో బాణం గుర్తు వేయించారు కొత్తాయన. ఆ తర్వాత ఆ ఫోన్ రాలేదు.